కేసు షీటు నుంచి కేసు రిపోర్టు దాకా: ఒక మెలియాయిడోసిస్ కేసుతో

వార్డులో రాసిన కేసు షీటును ఇంగ్లీషు సరిచేసి జర్నల్‌కు పంపితే అది కేసు రిపోర్టు అయిపోదు. కేసు షీటు తర్వాతి డ్యూటీ డాక్టరు కోసం రాసింది: ఏం చేశాం, ఇంకా ఏం చేయాలి అన్నదే అందులో ఉంటుంది. కేసు రిపోర్టు చదివేవాడు ఆ రోగిని ఎప్పటికీ చూడడు. రేపు అలాంటి రోగి తన ముందు కూర్చుంటే ఎక్కడ అనుమానించాలో వాడికి తెలియాలి. అందుకని అవే వివరాలను వేరే క్రమంలో పేర్చాలి, చాలా తీసేయాలి, కొన్ని కొత్తగా వెతికి చేర్చాలి.

పద్ధతి చూపించడానికి ఒక కల్పిత కేసు తీసుకుందాం. నెల్లూరు డెల్టాలో వరి పండించే 54 ఏళ్ల రైతు. తొమ్మిదేళ్లుగా షుగరు, మందులు సరిగా వాడడం లేదు. ఐదు వారాలుగా జ్వరం, ఎడమ డొక్కలో నొప్పి. బయట టీబీ మందులు మొదలుపెట్టారు, తగ్గలేదు. చివరికి ప్లీహంలో చీముగడ్డలు కనబడ్డాయి, రక్తం కల్చర్‌లో బర్ఖోల్డేరియా సూడోమాలియై పెరిగింది. అంటే మెలియాయిడోసిస్. తడిమట్టిలో, పొలం నీళ్లలో బతికే బ్యాక్టీరియా ఇది. షుగరున్న వాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది, టీబీలా కనిపించి ఏమారుస్తుంది.

ముందు ఒక్క వాక్యం రాసుకోండి

ఫైలు తెరవకముందే "ఈ కేసు చదివిన డాక్టరు రేపు ఏం మార్చుకోవాలి?" అన్న ప్రశ్నకు ఒకే వాక్యంలో జవాబు రాయండి. మన కేసుకు: "షుగరున్న వరి రైతుకు దీర్ఘజ్వరం ఉండి, కల్చర్‌లో సూడోమోనాస్ అని వచ్చి, అది జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగక కో-అమాక్సిక్లావ్‌కు లొంగుతుంటే మెలియాయిడోసిస్‌ను అనుమానించాలి." ఈ వాక్యానికి పనికిరాని వివరం రిపోర్టులోకి రాకూడదు. ఆయనకు ఇరవై ఏళ్ల కింద జరిగిన హెర్నియా ఆపరేషన్ కేసు షీటులో ఉండాల్సిందే, రిపోర్టులో అక్కర్లేదు. కాలువ నీళ్లలో దిగి నాట్లు వేయించాడన్నది కేసు షీటులో ఉండకపోవచ్చు, రిపోర్టులో మాత్రం ఉండాలి. అది లేకపోతే మళ్లీ వెళ్లి అడగాలి. ఈ పని రోగి డిశ్చార్జి కాకముందే చేసుకుంటే సుఖం.

వాక్యం రాయలేకపోతే కేసు ఇంకా తయారు కాలేదని అర్థం. "అరుదైన కేసు" అన్నది జవాబు కాదు. "ఆంధ్రలో మొట్టమొదటి కేసు" అని రాయాలనిపిస్తే ముందు పబ్‌మెడ్‌లో ఇలా వెతకండి:

```
"Burkholderia pseudomallei" AND splenic abscess AND India
```

వెతికాక ఆ మాట చాలాసార్లు మీరే కొట్టేస్తారు. కొట్టేయక్కర్లేకపోయినా "మాకు తెలిసినంతలో" అని చేర్చి, ఎక్కడ, ఏ తేదీన వెతికారో రాసిపెట్టుకోండి. రివ్యూయరు మొదట అడిగేది అదే.

తేదీలను రోజులుగా మార్చండి

కేసు రిపోర్టుల కోసం 2013లో వచ్చిన కేర్ మార్గదర్శకాల చెక్‌లిస్టులో 13 అంశాలున్నాయి: శీర్షిక, కీలక పదాలు, సారాంశం, పరిచయం, రోగి వివరాలు, పరీక్షలో కనబడినవి, కాలక్రమం, రోగనిర్ధారణ, చికిత్స, ఫాలో-అప్, చర్చ, రోగి మాట, సమ్మతి. చాలా జర్నళ్లు నింపిన చెక్‌లిస్టును కూడా అప్‌లోడ్ చేయమంటాయి. అయితే రాసేటప్పుడు ఈ వరసలో రాయకండి. కాలక్రమంతో మొదలుపెట్టండి. అది సరిగ్గా కుదిరితే మిగతా భాగాలు దాని మీద నిలబడతాయి, కుదరకపోతే తప్పులన్నీ అక్కడే బయటపడతాయి.

అడ్మిషన్ రోజును రోజు 0 అనుకోండి. అంతకు ముందువి మైనస్, తర్వాతివి ప్లస్. మన కేసు ఇలా వస్తుంది:

రోజు −35: జ్వరం మొదలు.
రోజు −30: ఊళ్లో సెఫిక్సిమ్, ఐదు రోజులు. తగ్గలేదు.
రోజు −12: ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ, కళ్లె పరీక్ష నెగెటివ్. అయినా టీబీ మందులు మొదలు.
రోజు 0: అడ్మిషన్. జ్వరం 39.1 డిగ్రీల సెల్సియస్, ప్లీహం 3 సెం.మీ. తగులుతోంది, నొప్పి ఉంది. హెచ్‌బీఏ1సీ 11.2 శాతం. రెండు సెట్లు రక్తం కల్చర్ తీసి, సెఫ్ట్రియాక్సోన్ మొదలు.
రోజు 1: సీటీలో ప్లీహంలో పలు చీముగడ్డలు, పెద్దది 3.8 సెం.మీ.
రోజు 3: కల్చర్ తొలి రిపోర్టు "సూడోమోనాస్ జాతి".
రోజు 5: బర్ఖోల్డేరియా సూడోమాలియైగా నిర్ధారణ. టీబీ మందులు, సెఫ్ట్రియాక్సోన్ ఆపి మెరోపెనెమ్ 1 గ్రాము 8 గంటలకొకసారి.
రోజు 13: జ్వరం తగ్గింది.
రోజు 33: డిశ్చార్జి. కో-ట్రైమాక్సజోల్ మొదలు.
రోజు 116: కో-ట్రైమాక్సజోల్ పూర్తి.
రోజు 117: అల్ట్రాసౌండ్‌లో చీముగడ్డలు లేవు.
రోజు 205: చివరి చూపు, బాగున్నాడు.

ఈ తేదీలను డిశ్చార్జి సమ్మరీ నుంచి తీసుకోకండి. కల్చర్ రిపోర్టు తేదీ ల్యాబ్ రిజిస్టరులో, మందు మొదలైన తేదీ నర్సింగ్ డ్రగ్ చార్టులో, సీటీ తేదీ రేడియాలజీ ఫిల్ములో ఉంటాయి. సమ్మరీ రాసేవాళ్లు వార్డు రౌండులో విన్న రోజును రాస్తారు. రిపోర్టు రోజు 3 సాయంత్రం ల్యాబ్ నుంచి వెళ్లి రోజు 4 పొద్దున వార్డుకు చేరితే సమ్మరీలో రోజు 4 పడుతుంది. ఒక రోజు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ నిర్ధారణకు ఎన్ని రోజులు పట్టిందన్నదే మీ కేసు చెప్పే సంగతి అయినప్పుడు ఆ రోజు చిన్నది కాదు.

మందుల లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. రోజు 5 నుంచి రోజు 32 దాకా, రెండు చివర్లూ కలిపితే 28 రోజులు. రోజుకు మూడు చొప్పున 84 డోసులు. చార్టులో సంతకాలు లెక్కపెడితే 82 ఉన్నాయనుకోండి. క్యాన్యులా ఊడిన రోజు రెండు గళ్లు ఖాళీ. సమ్మరీలో "నాలుగు వారాలు" అని ఉంటుంది. రిపోర్టులో "28 రోజులు, మధ్యలో రెండు డోసులు తప్పాయి" అని రాయండి. ప్లీహం, కాలేయం లాంటి చోట గడ్డలుంటే ఇంజెక్షన్ మందు కనీసం నాలుగు వారాలు ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేపు ఎవరైనా కొన్ని కేసులను ఒకచోట చేర్చి లెక్క కడితే మీ అంకె అందులోకి వెళుతుంది.

తర్వాత ఇచ్చే కో-ట్రైమాక్సజోల్ బరువును బట్టి మారుతుంది. రోగి 58 కిలోలు, అంటే 40 నుంచి 60 కిలోల వర్గం, పూటకు 240/1200 మి.గ్రా. 80/400 మాత్రలైతే మూడు, రోజుకు రెండు పూటలు. "కో-ట్రైమాక్సజోల్ రోజుకు రెండుసార్లు" అని మాత్రమే రాస్తే చదివేవాడికి ఉపయోగం లేదు. మందు పేరు, మోతాదు, దారి, ఎన్ని గంటలకొకసారి, ఎన్ని రోజులు. ఈ ఐదూ ప్రతి మందుకూ ఉండాలి. బ్రాండు పేర్లు వద్దు.

షార్ట్‌హ్యాండును వాక్యాలుగా

కేసు షీటులో ఇలా ఉంటుంది: "54/ఎమ్, కే/సి/ఓ డీఎమ్ × 9 ఏళ్లు, ఇర్రెగ్యులర్ ట్రీట్‌మెంట్. సి/ఓ ఫీవర్ × 5 వారాలు, హై గ్రేడ్, చిల్స్ +. పీ/ఏ: స్ప్లీన్ +, టెండర్. ఏటీటీ స్టార్టెడ్ అవుట్‌సైడ్, నో ఇంప్రూవ్‌మెంట్."

దీన్ని రిపోర్టులోకి తెచ్చినప్పుడు: "54 ఏళ్ల పురుషుడు, వరి రైతు, ఐదు వారాలుగా వణుకుతో కూడిన జ్వరం, ఎడమ పైపొట్టలో నొప్పితో వచ్చాడు. తొమ్మిదేళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది, మందులు క్రమంగా వాడడం లేదు. జ్వరానికి ముందు వారాల్లో పాదరక్షలు లేకుండా నీళ్లు నిలిచిన పొలంలో పనిచేశాడు. పన్నెండు రోజుల కిందట, కళ్లె పరీక్ష నెగెటివ్ అయినా, ఎక్స్‌రే ఆధారంగా టీబీ చికిత్స మొదలైంది."

మారినవి రెండు. "నో ఇంప్రూవ్‌మెంట్" అన్నది పోయింది, దాని బదులు జ్వరం అంకె కాలక్రమంలో ఉంది. "అవుట్‌సైడ్" అన్న మాటలో వార్డు గొంతు వినిపిస్తుంది, అదీ పోయింది. టీబీ మందులు ఎందుకు మొదలుపెట్టారో కారణం చెప్పి ఊరుకున్నాం, తప్పుపట్టలేదు. మీ దగ్గర జరిగినవీ దాచకండి. రోజు 3 రిపోర్టులోనే జెంటామైసిన్, కొలిస్టిన్ రెసిస్టెంట్ అని, కో-అమాక్సిక్లావ్ సెన్సిటివ్ అని ఉంది. సూచన చేతిలోనే ఉంది, మందు మారింది రోజు 5న. ఆ రెండు రోజులను చర్చలో రాయండి. మొదటి నుంచీ మెలియాయిడోసిస్ అనే అనుకున్నట్టు రాసిన రిపోర్టు కృతకంగా ఉంటుంది, పైగా చదివేవాడు నేర్చుకోవలసింది ఆ రెండు రోజుల్లోనే ఉంది.

నిర్ధారణ భాగంలో "కల్చర్‌లో పెరిగింది" అని వదిలేయకండి. ఏ యంత్రం మీద గుర్తించారు, నిర్ధారణకు లేటెక్స్ అగ్లూటినేషన్ చేశారా, పీసీఆర్ చేశారా అన్నది రాయాలి. ఆటోమేటెడ్ యంత్రాలు ఈ బ్యాక్టీరియాను ఒక్కోసారి బర్ఖోల్డేరియా సెపేసియాగా చూపిస్తాయి. నిర్ధారణ పరీక్ష లేకపోతే రివ్యూయరు ఫైలు వెనక్కి పంపుతారు, అప్పటికి ఐసొలేట్ పారేసి ఉంటే చేసేదేమీ ఉండదు. మైక్రోబయాలజీ వాళ్లకు ముందే చెప్పి ఆ స్ట్రెయిన్ దాచిపెట్టించండి. వాళ్లను రచయితల్లో చేర్చడం కూడా న్యాయం.

గుర్తులు తీసేయడం

పేరు, ఐపీ నంబరు తీసేస్తే చాలదు. "నవంబరు 14న పెన్నా గట్టు తెగినప్పుడు ఇసుక బస్తాలు మోసిన ఫలానా ఊరి నీటిసంఘం మాజీ అధ్యక్షుడు" అని చరిత్రలో ఉంటే మండలమంతా పోలుస్తుంది. రిపోర్టుకు కావలసింది నీళ్లతో, మట్టితో సంబంధం. కాబట్టి "ఈశాన్య రుతుపవనాల కాలంలో వరద నీళ్లలో పనిచేశాడు" అంటే సరి. ఊరి బదులు "దక్షిణ కోస్తా ఆంధ్రలో వరి పండించే ప్రాంతం" అనండి. తీసేయవచ్చు, మసకబార్చవచ్చు. అబద్ధం మాత్రం రాయకూడదు: పోల్చుకోకుండా ఉండాలని 54ను 47 చేయడం, రైతును మేస్త్రీ చేయడం డేటాను తారుమారు చేసినట్టే.

బొమ్మల దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలదని జర్నళ్ల మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. సీటీ బొమ్మ మూలల్లో పేరు, తేదీ, ఆసుపత్రి పేరు అచ్చయి ఉంటాయి. వాటిని వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో క్రాప్ చేస్తే కనబడవు గానీ ఫైలులోనే ఉంటాయి. ఎవరైనా క్రాప్‌ను వెనక్కి లాగితే పేరు మళ్లీ బయటపడుతుంది. ఫోటో ఎడిటర్‌లో కత్తిరించి కొత్త ఫైలుగా సేవ్ చేసి, దాన్నే పెట్టండి. ఫోనుతో తీసిన బొమ్మల్లో చోటు, సమయం దాగి ఉంటాయి. వాటిని తీయడానికి:

```
exiftool -all= fig1_ct.jpg
```

ఇది పాత ఫైలును చివర `_original` చేర్చి పక్కనే ఉంచుతుంది, పొరపాటున దాన్ని అప్‌లోడ్ చేయకండి. ఫైలు పేరులో రోగి పేరు లేకుండా చూసుకోవడం కూడా మరవద్దు.

సమ్మతి

అడ్మిషన్ అప్పుడు చేయించిన సంతకం చికిత్సకు. ఆపరేషన్‌కు చేయించింది ఆపరేషన్‌కు. ప్రచురణకు విడిగా, రాతపూర్వకంగా తీసుకోవాలి. "పేరు లేదు కదా, ఎందుకు" అని అనిపించవచ్చు. మెలియాయిడోసిస్ వచ్చిన 54 ఏళ్ల రైతు ఆ ప్రాంతంలో ఎందరుంటారు? గుర్తులన్నీ తీసినా ఆయన ఊరివాళ్లు, ఆయన్ను చూసిన డాక్టర్లు పోల్చుకోవచ్చు. ఆ మాటే ఆయనకు చెప్పాలి.

జ్వరం మండుతున్నప్పుడు అడగకూడదు. మన కేసులో రోజు 30 ప్రాంతం సరైన సమయం: తేరుకున్నాడు, ఇంకా వార్డులోనే ఉన్నాడు. రౌండులో పదిమంది మధ్య కాకుండా, కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని ఆయన మాటల్లోనే చెప్పండి: "పెద్దాయనా, మీ జబ్బు సంగతి డాక్టర్లు చదివే పుస్తకంలో రాద్దామనుకుంటున్నాం. మీ పేరు, ఊరు రాయం. అయినా తెలిసినవాళ్లు చదివితే మీరేనని పోల్చుకోవచ్చు. కంప్యూటర్‌లో ఎక్కడివాళ్లయినా చూడొచ్చు. మీరు వద్దంటే రాయం, మీ వైద్యం ఇట్నే జరుగుద్ది. ఒప్పుకున్నాక కూడా అచ్చు కాకముందు ఎప్పుడైనా వద్దనొచ్చు, అచ్చయినాక మటుకు వెనక్కి తీసుకోలేం." తర్వాత ఏం అర్థమైందో ఆయన్నే చెప్పమనండి. "పేపర్లో నా ఫోటో వేస్తారంట గదా" అన్నాడంటే మళ్లీ మొదలుపెట్టాలి.

జర్నల్‌కు సొంత ఫారం ఉందేమో ముందే చూడండి. కొన్ని జర్నళ్లు తమ ఫారం తప్ప వేరేది ఒప్పుకోవు, రోగి ఇంటికి వెళ్లిపోయాక మళ్లీ సంతకం కోసం ఊరికి పోవాల్సి వస్తుంది. లేకపోతే తెలుగులో ఇలా రాసుకోండి:

"నా జబ్బు, పరీక్షలు, స్కానింగు బొమ్మలు, వైద్యం గురించిన వివరాలను వైద్య పత్రికలో, దాని ఇంటర్నెట్ ప్రతిలో ప్రచురించడానికి ఒప్పుకుంటున్నాను. నా పేరు, చిరునామా ప్రచురించరని, అయినా ఎవరూ గుర్తుపట్టలేరని పూర్తి హామీ ఇవ్వలేరని నాకు వివరించారు. ప్రచురణ వల్ల నాకు డబ్బు రాదని తెలుసు. ప్రచురణకు ముందు ఎప్పుడైనా ఈ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని, తీసుకున్నా నా వైద్యానికి ఇబ్బంది ఉండదని చెప్పారు. రాసిన వ్యాసాన్ని నాకు తెలుగులో వివరించారు / వినే అవకాశం ఇచ్చారు, నేను వద్దన్నాను." (అక్కర్లేనిది కొట్టివేయాలి.)

కింద రోగి సంతకం, తేదీ, వివరించినవారి సంతకం. చదువు రానివారైతే వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం. సాక్షి మీ యూనిట్ హౌస్ సర్జనో, సిస్టరో కాకూడదు. చికిత్సతో సంబంధం లేని, చదవగలిగిన మనిషి కావాలి. ఫారం మొత్తం చదివి వినిపించడం ఆయన చూసి ఉండాలి, వేలిముద్ర ఒక్కటి చూస్తే చాలదు. పిల్లలైతే తల్లి లేదా తండ్రి, రోగి చనిపోతే దగ్గరి బంధువు సంతకం, వాళ్ల సంబంధం ఏమిటో రాయాలి.

ఫారంలో పేరుంటుంది, కాబట్టి జర్నల్ అడిగితే తప్ప అప్‌లోడ్ చేయకండి. ఆసుపత్రి రికార్డులో ఒరిజినల్ ఉంచండి. వ్యాసంలో రాసే ప్రకటన వేరు, అది చిన్నది:

"ఈ కేసు వివరాలను, జతచేసిన చిత్రాలను ప్రచురించడానికి రోగి నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకున్నాం. రోగి చదవలేరు కాబట్టి సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, చికిత్స బృందంతో సంబంధం లేని సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకున్నాం. సమ్మతి పత్రం సంస్థ వద్ద ఉంది, సంపాదకులు కోరితే చూపించగలం."

ఇంగ్లీషు జర్నలైతే దీన్ని వాళ్లు సూచించిన పదాల్లో ఇంగ్లీషులో రాయండి. "సమ్మతి తీసుకున్నాం" అని ఒక్క ముక్కలో రాస్తే దేనికి తీసుకున్నారని ఎడిటరు వెనక్కి పంపుతారు. చికిత్సకా, ప్రచురణకా అన్నది స్పష్టంగా ఉండాలి. ఎథిక్స్ కమిటీ సంగతి వేరే వాక్యం. ఒక్క కేసుకు చాలా సంస్థల్లో కమిటీ అనుమతి అడగరు. మీ సంస్థ నియమం కనుక్కుని, అవసరం లేకపోతే ఆ మాట రాయండి. కమిటీ అక్కర్లేదన్నంత మాత్రాన రోగి సమ్మతి అక్కర్లేకుండా పోదు. ఈ రెంటినీ కలిపేసి రాసే ప్రకటనలు తరచూ కనబడతాయి.

రోగి మాట

కేర్ చెక్‌లిస్టులో దీన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా "రోగి చికిత్సతో సంతృప్తి చెందాడు" అని రాస్తారు. అది రోగి మాట కాదు, డాక్టరు మాట. సమ్మతి తీసుకున్న రోజే అడిగి ఆయన మాటల్లో రాసుకోండి. మన కేసులో ఇలా ఉందనుకుందాం: "టీబీ అన్నాక ఇంట్లో నాకు గ్లాసు, కంచం వేరే పెట్టినారు. పన్నెండు రోజులు వసారాలోనే పడుకున్నా. టీబీ కాదని తెలిసినరోజు జ్వరం తగ్గినంత సంతోషమైంది." అనువదించేటప్పుడు గ్లాసూ కంచమూ తీసేయకండి. నిర్ధారణ ఆలస్యమైతే ఏమవుతుందో మీ చర్చ కన్నా ఆ రెండు వస్తువులు బాగా చెబుతాయి.

చర్చ చివరికి ఉంచుకోండి. మొదట్లో రాసుకున్న ఒక్క వాక్యం, దానికి మీ కాలక్రమంలోని ఆధారం, ఇదివరకు వచ్చిన రిపోర్టులతో పోలిక, మీ కేసులో తెలియనిది. మన కేసులో తెలియనిది ఎక్స్‌రేలోని మచ్చ: టీబీ కాదని పూర్తిగా తోసిపుచ్చే పరీక్ష చేయకపోతే అదీ మెలియాయిడోసిస్ వల్లే అని తేల్చేయకూడదు, "ఆ చికిత్సతో అదీ పోయింది" అని మాత్రం రాయవచ్చు. శీర్షికలో "కేసు రిపోర్టు" అన్న మాట ఉండాలి, కీలక పదాలు రెండు నుంచి ఐదు. సారాంశం అన్నిటికన్నా చివర రాసి, అందులోని ప్రతి అంకెనూ కాలక్రమంతో వేలుపెట్టి సరిచూడండి. సారాంశంలో 54, లోపల 55 ఏళ్లు ఉన్న రాతప్రతులు చాలానే వస్తుంటాయి. సాధారణంగా దానికి కారణం ఒకటే: అడ్మిషన్ నాటి వయసు ఒకచోట, చివరి ఫాలో-అప్ నాటి వయసు ఇంకోచోట రాయడం.